పుట్టినరోజుకు రెండు పంక్తులు

భార్య పుట్టినరోజు. 'నేను కవిని కాదు' అంటూనే ఒక భర్త కాగితం తీసుకున్నాడు. 'నువ్వు నవ్వుతావు, నన్ను మురిపిస్తావు' అని రాశాడు.

చివర 'తావు' కలిసింది. కానీ 'నువ్వు' అన్నాక చాలా క్రియలకు ఆ 'తావు' వస్తుంది. అందుకే చెవికి కొత్తగా తోచదు. పైగా ఆ మాట ఏ భార్యకైనా సరిపోతుంది.

అప్పుడతను ఇంట్లో రోజూ చూసేదే రాశాడు:

పాలవాడు రాకముందే తీస్తావు తలుపు,
నీలి చీర కడితే నా గుండెకు మేలుకొలుపు.

వినండి. తలుపు, మేలుకొలుపు. ఇది అంత్యప్రాస. ఇక మొదలు చూడండి. పాల, నీలి. రెండో అక్షరం రెండుచోట్లా లకారమే. పద్యాల్లో ప్రాస అంటే ఇదే. అచ్చు మారవచ్చు, హల్లు మారకూడదు.

ఆమెకు నీలి చీర లేకపోతే మాత్రం, ప్రాస కోసం దాన్ని రాయకండి.