మేడ మీద అడ్డుగోడకు ఏ ఇటుక?

మేడ మీద గదిని రెండు చేయాలనుకుంటే, గోడ వచ్చేచోట కింద దూలం ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే బరువంతా స్లాబు మీదే పడుతుంది. 10 అడుగుల పొడవు, అంతే ఎత్తు, 4 అంగుళాల మందంతో మట్టి ఇటుక గోడ ప్లాస్టరింగు కాకుండానే సుమారు 1,700 కిలోలు తూగుతుంది. ఫ్లైయాష్ ఇటుకా ఇంచుమించు అంతే. ఏఏసీ బ్లాకులైతే 650 కిలోల దరిదాపు. అందుకే అక్కడ నేను ఏఏసీనే ఎంచుకుంటాను, అదీ ఇంజనీరు స్లాబు చూశాకే.

ఈ బ్లాకుల్ని నీళ్లలో నానబెట్టకూడదు, అంటించే ముఖాన్ని తడిపితే చాలు. పైవరుసను స్లాబుకు బిగించేయకుండా అర అంగుళం సందు వదిలి, తర్వాత నింపించండి. లేదంటే స్లాబు కాస్త వంగినా గోడకు పగుళ్లొస్తాయి. ఈ గోడకు గీజరు తగిలించాలంటే మామూలు ప్లగ్గు ఊడొస్తుంది, గోడ అవతలి వైపు దాకా వెళ్లే బోల్టు వేయించండి. కింది అంతస్తులో సరైన పునాది ఉంటే ఫ్లైయాష్ ఇటుక నిశ్చింతగా వాడుకోవచ్చు.