రాత్రిపూట మాయమైన ఏడు నిమిషాలు: 24 కెమెరాలకు అప్‌లింక్ ఎంత కావాలి?

ఈ రోజు ఎపిసోడ్‌లో నా తప్పు ఒకటి చెప్తాను. హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక మామిడికాయల యార్డ్‌లో కెమెరాలు పెట్టాను. మొత్తం 24. అన్నీ ఒకే పీఓఈ స్విచ్‌కి వెళ్తాయి. ఆ స్విచ్ నుంచి ఆఫీసు గదిలో ఉన్న ఎన్‌వీఆర్‌కి ఒకే ఒక్క కేబుల్. దాన్నే అప్‌లింక్ అంటాం.

సీజన్ మధ్యలో ఓనర్ గారు ఫోన్ చేశారు. "ఏమయ్యా, రాత్రి లోడింగ్‌లో ట్రేలు తగ్గాయి. చూద్దామంటే సరిగ్గా ఆ ఏడు నిమిషాలే రికార్డింగ్‌లో లేవు. ఎవరో కావాలనే వైరు పీకారు" అన్నారు. అనుమానం అక్కడ రాత్రి డ్యూటీ చేసే కుర్రాడి మీద పడింది. నేను వెళ్లేసరికి "అన్నా, నేను వైరు ముట్టుకోలేదు" అని ఒకటే మాట.

ప్లేబ్యాక్ తెరిచి ఆ ఒక్క కెమెరానే కాదు, మిగతావి కూడా చూశాను. పగలు టైమ్‌లైన్ నిండుగా ఉంది. చీకటి పడ్డాక మాత్రం వేర్వేరు కెమెరాల్లో ఖాళీలు. కుర్రాడు సెలవులో ఉన్న రాత్రుల్లో కూడా ఉన్నాయి. వైరు పీకితే ఒక్క కెమెరా పోవాలి, ఇలా చీకటి పడగానే తలా కాసేపు పోవు. అంటే దారి ఇరుకైంది.

జంక్షన్‌లో సీజన్ అప్పుడు చూసే ఉంటారు. నూజివీడు వైపు నుంచి ట్రాక్టర్లన్నీ ఒకేసారి వచ్చి హైవే దగ్గర ఆగిపోతాయి. ఊరి రోడ్లు ఎన్ని ఉన్నా, చివరి రోడ్డు ఎంత వెడల్పో అంతే కదిలేది. అప్‌లింక్ కూడా అంతే.

ఇప్పుడు లెక్క చూద్దాం. నేను కెమెరాల్లో `VBR` పెట్టి, `Max Bitrate` 6 ఎంబీపీఎస్ ఇచ్చాను. పగలు ఒక్కోటి దాదాపు 3 పంపుతోంది. 24 × 3 = 72. రాత్రి తక్కువ వెలుతురులో బొమ్మలో గింజలు గింజలుగా నాయిస్ వస్తుంది. కెమెరాకి అదంతా కదలికలాగే కనిపిస్తుంది కాబట్టి డేటా పెరుగుతుంది. ఒక్కోటి 5కి వెళ్లింది. 24 × 5 = 120.

నా స్విచ్ అప్‌లింక్ గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్. 120 అసలు లెక్కే కాదు కదా? స్విచ్ దగ్గరికెళ్లి లైటు చూశాను. ఆ మోడల్‌లో గిగాబిట్‌కి పచ్చ లైటు, 100కి నారింజ. నారింజ వెలుగుతోంది!

కారణం నేను క్రింప్ చేసిన కనెక్టర్. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల వైర్లూ కావాలి. 100కి రెండు జతలు చాలు. ఒక జత సరిగ్గా కూర్చోకపోతే చాలా స్విచ్‌లు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. లైవ్ వస్తూనే ఉంటుంది, పగలంతా బాగానే ఉంటుంది. రాత్రి 120 వచ్చి 100 దారిలో ఇరుక్కుంటుంది. మిగిలిన పాకెట్లు పడిపోతాయి, రికార్డింగ్‌లో ఖాళీ వస్తుంది.

కనెక్టర్ కోసి మళ్లీ క్రింప్ చేశాను. పచ్చ లైటు వచ్చింది. అయినా అక్కడ ఆగలేదు, ఎందుకంటే ఎన్‌వీఆర్‌కి కూడా ఒక హద్దు ఉంటుంది. దాని డేటాషీట్‌లో `Incoming Bandwidth` అని రాసి ఉంటుంది. మా బాక్స్‌కి 160. కెమెరాలన్నీ గరిష్ఠానికి వెళ్తే 24 × 6 = 144. మరీ అంచున ఉంది. అందుకే `Max Bitrate` 4కి తగ్గించాను. 24 × 4 = 96. రాత్రి బొమ్మ కాస్త మెత్తబడింది కానీ ట్రేలు లెక్కపెట్టడానికి సరిపోతోంది.

దీంతో డిస్క్ కూడా కలిసొచ్చింది. 1 ఎంబీపీఎస్ రోజంతా రాస్తే 10.8 జీబీ. 96 అయితే రోజుకి సుమారు 1,037 జీబీ. మా దగ్గర 32 టీబీ డిస్కులు, అంటే దాదాపు 30 రోజులు. అదే 144 అయితే 20 రోజులే.

కాబట్టి లెక్క వేసేటప్పుడు పగటి సగటు తీసుకోకండి. కెమెరాల సంఖ్యని `Max Bitrate`తో గుణించండి. అది అప్‌లింక్‌లోనూ, ఎన్‌వీఆర్ హద్దులోనూ మూడింట రెండు వంతులు దాటకూడదు. ఎందుకంటే కెమెరాలు మధ్యమధ్యలో పూర్తి ఫ్రేమ్ పంపుతాయి, చాలా కెమెరాలవి ఒకే క్షణంలో కలిస్తే సగటు కన్నా ఎంతో పైకి లేస్తుంది. ఆ ఖాళీ వాటి కోసం. పని అయ్యాక లైటు రంగు చూడండి, మొదటి రాత్రి ప్లేబ్యాక్ తప్పక చూడండి. నేను పగలు చూసి వచ్చేశాను.

ఆ ఏడు నిమిషాలు ఇక దొరకవు. ట్రేలు ఎటు పోయాయో నాకు తెలీదు. కానీ వేరే రాత్రుల ఖాళీలు ఓనర్ గారికి చూపించి, "వైరు పీకింది ఎవరూ కాదండీ, కనెక్టర్ తప్పు నాది" అని ఆ కుర్రాడి ముందే చెప్పాను. అది చెప్పాల్సిన బాధ్యత నాదే కదా. సరే, ఉంటాను.