పై ఇంటి అక్కకి తమిళంలో ఒక థాంక్స్ చీటీ

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క చిన్న కాగితం గురించే. నోట్‌బుక్‌లోంచి చింపిన సగం పేజీ. అద్దెకున్న ఒక తెలుగు కుర్రాడు పై ఇంటివాళ్లకి తమిళంలో రాసిన థాంక్స్ చీటీ. చెన్నైలో జాబ్ చేస్తున్న మనవాళ్లు చాలామంది ఈ ఛానెల్ చూస్తారు కదా, వాళ్లకి బాగా పనికొస్తుంది. మిగతావాళ్లు కూడా ఉండండి, ఇందులో తెలుగు గురించీ కొంత ఉంది.

ముందు కథ. 2023 డిసెంబర్, మిచాంగ్ తుఫాను. మనకి అది బాపట్ల దగ్గర తీరం దాటిన తుఫానుగా గుర్తు. అది డిసెంబర్ 5. అంతకుముందే, 3, 4 తేదీల్లో అది చెన్నైని ముంచేసింది. పళ్ళికరణై, వేళచ్చేరి వైపు అసలే చిత్తడి నేల. అక్కడ గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుంటున్నాడు మా ఫ్రెండ్, వాళ్ల అమ్మతో. ఒంగోలు వాళ్లు. ఆమెకి షుగర్, రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. రాత్రి నీళ్లు ఇంట్లోకొచ్చాయి. పై ఇంటి ఆవిడ కిందకి దిగొచ్చి, ఆమెని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. మూడు రోజులు కరెంటు లేదు. పై ఇంట్లోనే భోజనం. ఫ్రిజ్ పని చెయ్యట్లేదు కాబట్టి ఆవిడ మట్టి కుండలో నీళ్లు పోసి, ఇన్సులిన్‌ని కవర్‌లో చుట్టి, చిన్న గిన్నెలో పెట్టి ఆ కుండలో ఉంచింది. ఎండ తగలని మూల చూసి పెట్టింది.

నీళ్లు తగ్గాక ఇల్లు ఉండేలా లేదు. వేరే ఏరియాలో ఇల్లు దొరికింది, వారంలో ఖాళీ చెయ్యాలి. ఇక్కడుంది అసలు ఇబ్బంది. మా వాడి అమ్మకి తమిళం రాదు, పై ఇంటావిడకి తెలుగు రాదు. ఆ మూడు రోజులూ ఇద్దరూ సైగలతోనే మాట్లాడుకున్నారు. అమ్మ ఒకటే పట్టు: "ఆ అమ్మాయి చేసింది నాకు తెలుసని ఆమెకి తెలియాలిరా. వెళ్లేలోపు వాళ్ల భాషలో రాసివ్వు."

మా వాడు ఆఫీసులో ఒక తమిళ కొలీగ్‌ని అడిగాడు. ఆయన చక్కటి తమిళంలో రాసిచ్చాడు. వినండి: "మదిప్పిఱ్కురియ ఐయా, తాంగళ్ సెయ్ద ఉదవిక్కు ఎన్ మనమార్న్ద నన్ఱియైత్ తెరివిత్తుక్కొళ్గిఱేన్." ఒక్క తప్పు లేదు. కానీ దీన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "గౌరవనీయులైన అయ్యా, తమరు చేసిన సహాయమునకు నా హృదయపూర్వక ధన్యవాదములు తెలియజేసుకొనుచున్నాను." మీ అమ్మని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించిన మనిషికి ఇలా రాస్తారా? అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసులా ఉంది.

తమిళంలో రాసే భాషకీ మాట్లాడే భాషకీ మధ్య దూరం మనకంటే చాలా ఎక్కువ. మన దగ్గర గ్రాంథికం పక్కకెళ్లి, పేపర్లోనూ దాదాపు మాట్లాడే తెలుగే వచ్చేసింది. తమిళంలో పేపరు, ప్రభుత్వం, పాఠ్యపుస్తకం ఇప్పటికీ రాతభాషలోనే నడుస్తాయి. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. "మీరు" అనడానికి రాతలో నీంగళ్, నోటితో నీంగ. "ఇచ్చారు" రాతలో కొడుత్తీర్గళ్, నోటితో కుడుత్తీంగ. మరి చీటీ కాగితం మీద ఉంటుంది కదా, ఏది రాయాలి? మెట్ల మీద ఎలా మాట్లాడుకున్నారో అదే రాయాలని నా అభిప్రాయం. తమిళ కుర్రాళ్లు వాట్సాప్‌లో రాసుకునేదీ అదే. ఆఫీసుకో బ్యాంకుకో రాస్తే మాత్రం ఆ కొలీగ్ రాసిచ్చిందే కరెక్ట్.

ఇంకోటి, ఆ మొదటి చీటీలో ఏం జరిగిందో లేదు. "చేసిన సహాయం" అని ఉందంతే. ఏ సహాయం? గ్యాస్ సిలిండర్ అప్పిచ్చినా ఇదే వాక్యం సరిపోతుంది. తమిళంలో నన్ఱి అనే మాటకి ఒక పాత సంగతుంది. తిరుక్కుఱళ్‌లో 11వ అధికారం పేరు "సెయ్‌న్నన్ఱి అఱిదల్". ఇవాళ నన్ఱి అంటే కృతజ్ఞత, థాంక్స్. అక్కడ మాత్రం నన్ఱి అంటే చేసిన మేలు. అఱిదల్ అంటే ఎరగడం. మొత్తంగా, చేసిన మేలుని ఎరగడం. మా వాడి అమ్మ అడిగింది కూడా అదే కదా, ఆమె ఏం చేసిందో మాకు తెలుసని ఆమెకి తెలియాలని. అందుకే చీటీలో ఎక్కువ చోటు ఆమె చేసిన పనులకే ఇచ్చాం. థాంక్స్ ఒక్కసారే, చివర్లో.

అప్పుడు నేనూ వాడూ కూర్చుని రాసిన చీటీ ఇది. నాలుగేళ్లు చెన్నైలో కోడ్ రాసిన పుణ్యమా అని నాకు ఇంత తమిళం వచ్చు. రాశాక కింద టీ కొట్టు అణ్ణాకి చదివి వినిపించాం, ఆయన ఓకే అన్నాకే ఫెయిర్ చేశాం.

"అక్కా, వణక్కం.
అన్నిక్కి రాత్తిరి తణ్ణి వీట్టుక్కుళ్ళ వందప్ప, నీంగదాన్ ఎంగ అమ్మావ మేల కూట్టిట్టు పోనీంగ.
మూణు నాళ్ ఎంగళుక్కు సాప్పాడు కుడుత్తీంగ.
అమ్మావోడ ఇన్సులిన పానైల వెచ్చు పాత్తుక్కిట్టీంగ.
ఇద నాంగ మఱక్కవే మాట్టోం.
రొంబ నన్ఱి.
ఇప్పడిక్కు, కీళ్ వీడు."

కింద ఇద్దరి పేర్లు. అంతే చీటీ. అర్థం: ఆ రోజు రాత్రి నీళ్లు ఇంట్లోకొచ్చినప్పుడు మా అమ్మని పైకి తీసుకెళ్లింది మీరే. మూడు రోజులు మాకు భోజనం పెట్టారు. అమ్మ ఇన్సులిన్‌ని కుండలో పెట్టి చూసుకున్నారు. దీన్ని మేం మర్చిపోనే మర్చిపోం. చాలా థాంక్స్. ఇట్లు, కింది ఇల్లు.

ఇందులో తెలుగువాళ్లకి కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. "ఎంగ అమ్మా" అంటే "మా అమ్మ". మనలాగే వాళ్లూ సాధారణంగా "నా అమ్మ" అనరు. "నాంగ" అంటే మేము. మనం అనడానికి వేరే మాట ఉంది, "నామ". మేము, మనం తేడా హిందీలో లేదు, కాబట్టి హిందీ ఫ్రెండ్స్ ఇక్కడ తడబడతారు, మనం తడబడం. "మఱక్క" మన మరచిపోవడమే. పాత తెలుగులో అది కూడా బండి ఱతో మఱచు. ఇక "ఇప్పడిక్కు" చూడండి. ఇప్పడి అంటే ఇలా. మనం లెటర్ చివర "ఇట్లు" అని రాస్తాం కదా, ఇట్లు అన్నా ఇలా అనే! రెండు భాషలూ ఉత్తరాన్ని ఒకేలా ముగిస్తున్నాయి. అది రాతభాష మాటే అయినా దాన్ని ఉంచేశాం, ఉత్తరం చివర అందరికీ అలవాటైన మాట.

తేడా కొట్టేది మర్యాద దగ్గర. మనకి "గారు" ఉంది, తమిళంలో అలా పేరుకి తగిలించే మాట రోజువారీ వాడుకలో లేదు. మర్యాదంతా క్రియ చివర "ంగ"లో ఉంటుంది. కుడుత్తీంగ అంటే ఇచ్చారు. ఆ ంగ తీసేస్తే "నువ్వు ఇచ్చావ్" అయిపోతుంది. పిలుపు విషయంలో మా వాడు మొదట "సిత్తి" అని రాశాడు, మన పిన్నిగారు అన్నట్టు. సిత్తి అంటే నిజంగా పిన్నే, కానీ అక్కడ పక్కింటావిడని మామూలుగా అలా పిలవరు. మెట్ల మీద రోజూ ఏమని పిలిచాడు? అక్కా అని. మరి అదే రాయాలి.

ఇప్పుడు లిపి. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. త, ద కూడా అంతే. "ఉదవి" రాయడానికి ద కోసం వెతక్కండి, లేదు. త రాస్తే చాలు, చదివేవాళ్లు ద అని చదువుకుంటారు. ఒత్తులు కూడా లేవు. అక్కాలో మనం క కింద ఒత్తిస్తాం. వాళ్లు రెండు క అక్షరాలు పక్కపక్కనే రాసి మొదటి దాని నెత్తిన చుక్క పెడతారు. దాన్ని పుళ్ళి అంటారు. ఆ చుక్క మర్చిపోతే అక్కా కాస్తా "అకకా" అవుతుంది.

అసలు ట్రాప్ "న". మనకి న, ణ రెండే. వాళ్లకి మూడు. మాట మొదట్లో వచ్చే న ఒకటి, మధ్యలో చివర్లో వచ్చే న ఇంకోటి, మన ణ లాంటిది మూడోది. ఈ చివరి రెండింటికీ బళ్లో ముద్దుపేర్లున్నాయి: రెండు సుళి, మూణు సుళి. సుళి అంటే సుడి, ఆ అక్షరంలో ఎన్ని మెలికలుంటే అన్ని. నన్ఱి అనే చిన్న మాటలోనే రెండు రకాల న ఉన్నాయి! మొదటిది మాట మొదట్లో వచ్చేది, రెండోది రెండు సుళి. పలికేటప్పుడు మళ్లీ అది "నండ్రి"లా వినిపిస్తుంది. తణ్ణిలోనూ అణ్ణాలోనూ మూణు సుళి. మనం అన్నా అంటాం కాబట్టి మన చెయ్యి రెండు సుళి వైపే పోతుంది, కాస్త చూసుకోండి.

చీటీలోంచి రెండు వాక్యాలు తీసేయించాను. ఒకటి, "ఓనర్‌కి ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు, మీరే వచ్చారు" అని. నిజమే, కానీ మా వాడు వెళ్లిపోతాడు, ఆవిడ ఆ ఓనర్ ఇంట్లోనే ఉండాలి. ఆ కాగితం ఆవిడ ఇంట్లో ఉండటం ఆవిడకే ఇబ్బంది. రెండోది, "భోజనానికి ఎంతయిందో చెప్పండి, పంపిస్తాను" అని. ఇది చదివితే ఆవిడ ఏమనుకుంటుందో వాళ్ల అమ్మనే అడగమన్నాను. అడిగాడు. బాగా తిట్లు పడ్డాయట.

ఆఖరి రోజు చీటీ ఎలా ఇవ్వాలన్నది అమ్మే తేల్చేసింది. పై ఇంటివాళ్ల స్టీల్ టిఫిన్ డబ్బా ఒకటి వీళ్ల దగ్గర ఉండిపోయింది. డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదని ఆమె అరిసెలు వండి, నింపి, మూత మీద కాగితం మడిచి పెట్టింది. ఆవిడ గుమ్మంలోనే నిలబడి చదివింది. ఇన్సులిన్ లైన్ దగ్గరికి రాగానే నవ్వి, వంటింట్లోకి వెళ్లి ఆ కుండ తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది, తీసుకెళ్లమని. ఇప్పుడు ఆ కుండ వీళ్ల కొత్తింట్లో ఉంది.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో బెంగళూరు వెళ్దాం. బై.