కిడ్నీ జబ్బులో పథ్యం – ఒక మాస్టారి అనుభవం

డైటీషియన్‌గా నేను చూసిన ఒక కేసు చెబుతాను.

కిడ్నీ జబ్బున్న ఒక రిటైర్డు మాస్టారు బి.పి. కోసమని మామూలు ఉప్పు మాని 'లో సోడియం' ఉప్పు మొదలుపెట్టారు. రోజూ ఒక కొబ్బరిబోండాం కూడా. కొన్నాళ్లకు కాళ్లలో సత్తువ పోయింది. రక్తంలో పొటాషియం చూస్తే 6.4. అది 5 దాటితేనే జాగ్రత్త పడాలి. ఆ ఉప్పులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియమే. దెబ్బతిన్న కిడ్నీ దాన్ని సరిగా బయటకు పంపలేదు. ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. ఆయన్ని వెంటనే ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది.

ఇంటికి వచ్చాక కూరముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయమన్నాను. వాళ్ళావిడకు పారబోయడానికి మనసొప్పక చారులో పోసేవారు! పొటాషియం ఉండేది ఆ నీళ్లలోనే కదా.

ఈసారి మాస్టారు భయపడి పప్పు, పెరుగు పూర్తిగా మానేసి చిక్కిపోయారు. అదీ తప్పే. డయాలిసిస్ అవసరం రానివారికి మాంసకృత్తులు కిలో బరువుకు రోజుకు సుమారు 0.8 గ్రాము ఉండాలి. ఆయన బరువు 60 కిలోలు, అంటే 48 గ్రాములు. డయాలిసిస్ మొదలైతే ఇంకా ఎక్కువే కావాలి.

ఇక భాస్వరం. పప్పులో ఉన్నది కొంతే ఒంటికి పడుతుంది. కోలా డ్రింకుల్లో కలిపేది చాలావరకు రక్తంలోకి చేరుతుంది. ఎక్కువైతే దురద, ఎముకల బలహీనత వస్తాయి. దానికిచ్చే మాత్ర తిండిలోని భాస్వరాన్ని పేగులోనే పట్టేస్తుంది కనుక భోజనంతోపాటే వేసుకోవాలి. మాస్టారేమో పడుకోబోయే ముందు వేసుకునేవారు.