‘రైతు వద్ద పెండింగ్’ అంటే గడువు ఎన్నాళ్లు ఆగుతుంది?

(గోరంట్ల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ ఆఫీసుకు పోయినా మనకు ఎదురయ్యే మాట ఒకటుంది. ‘మా దగ్గర ఏమీ ఆగలేదయ్యా, నీ దగ్గరే ఆగింది’ అంటారు. ఆ మాట కొన్నిసార్లు నిజమే. డబ్బు కట్టాల్సింది, కాగితం ఇయ్యాల్సింది మనమే అయినప్పుడు, మనం ఆలస్యం చేసిన రోజులు ఆఫీసు లెక్కలో వేయడం న్యాయం కాదు. అయితే ఇదే మాటను అడ్డం పెట్టుకొని, ఆగాల్సిన వారం రోజులను రెండు నెలలు చేసేవాళ్లు ఉన్నారు. నిజంగా ఆగిందో, ఆపేశారో మనమే లెక్కగట్టుకోవాలి.

ఈ లెక్క తేటగా రాసి ఉన్న చట్టం 2005 సమాచార హక్కు చట్టం. ఇన్‌పుట్ సబ్సిడీ జాబితా కావాలన్నా, పంట నష్టం రాసుకున్న రిజిస్టర్ కావాలన్నా మనం వాడేది దీన్నే. అందుకే దీన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

దరఖాస్తు అందిన 30 రోజుల్లోపు పౌర సమాచార అధికారి సమాచారం ఇవ్వాలి, లేదా కారణం చెప్పి నిరాకరించాలి. ఇచ్చే కాగితాలకు ఖర్చు వసూలు చేయాలనుకుంటే సెక్షన్ 7(3) ప్రకారం మనకు ఉత్తరం రాయాలి. ఎంత కట్టాలో, ఆ మొత్తం ఎట్లా వచ్చిందో లెక్కతో సహా అందులో ఉండాలి. ఆ మొత్తం మీద అభ్యంతరం ఉంటే ఎవరికి అప్పీలు చేసుకోవాలో కూడా రాయాలి. ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి మనం డబ్బు కట్టిన రోజు దాకా ఉన్న రోజులను 30 రోజుల లెక్కలో నుంచి తీసేస్తారు. డబ్బు కోసం ఆగడానికి చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇంతే.

ఒక లెక్క చేసి చూద్దాం. ఒక రైతు తన ఊరి ఇన్‌పుట్ సబ్సిడీ జాబితా నకలు కోసం తహసీల్దారు కార్యాలయానికి దరఖాస్తు పెట్టినాడనుకోండి. అది జూన్ 3న అందింది. మామూలుగా అయితే గడువు జూలై 3తో ముగుస్తుంది. జూన్ 23న ఆఫీసు ఉత్తరం పంపింది: 60 పేజీలు, పేజీకి 2 రూపాయలు, మొత్తం 120 రూపాయలు. ఉత్తరం జూన్ 26న చేతికొచ్చింది. రైతు జూన్ 30న డబ్బు కట్టి రసీదు తీసుకున్నాడు.

జూన్ 23 నాటికి ఆఫీసు 20 రోజులు వాడుకుంది. దానికి ఇంకా 10 రోజులు మిగిలాయి. జూన్ 23 నుంచి 30 దాకా ఉన్న 7 రోజులు లెక్కలోకి రావు. డబ్బు కట్టిన రోజు నుంచి ఆ మిగిలిన 10 రోజులే నడుస్తాయి. అంటే కొత్త గడువు జూలై 10. ఉత్తరం దారిలో ఉన్న మూడు రోజులు కూడా మన ఖాతాలోనే పడతాయి. ఎందుకంటే లెక్క పంపిన రోజు నుంచి మొదలవుతుంది, అందిన రోజు నుంచి కాదు. అదే రైతు ఆగస్టు దాకా డబ్బు కట్టకుండా ఊరుకుంటే, అన్నాళ్లూ గడువు ఆగే ఉంటుంది. అప్పుడు అధికారిని తప్పుపట్టలేం.

ఇక ఈ వెసులుబాటును ఎట్లా దుర్వినియోగం చేస్తారో చూద్దాం.

మొదటిది, ఆగిన లెక్కను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవడం. ‘జూన్ 30న డబ్బు కట్టినావు కాబట్టి జూలై 30 దాకా మాకు టైముంది’ అంటారు. అది తప్పు. ఆగిన గడువు ఆగిన చోట నుంచే నడవాలి. ఆ రైతుకు జూలై 10 దాటితే మొదటి అప్పీలు వేసే హక్కు వస్తుంది. దానికి 30 రోజులు, అంటే ఆగస్టు 9 దాకా గడువు ఉంటుంది. ఆఫీసు మాట నమ్మి జూలై 30 దాకా కూర్చుంటే, మన అప్పీలు గడువులో ఇరవై రోజులు ఊరికే పోతాయి.

రెండోది, గడువు దాటినాక డబ్బు అడగడం. అదే ఉత్తరం జూలై 5న పంపితే ఆపడానికి గడువే మిగల్లేదు. సెక్షన్ 7(6) ప్రకారం గడువు దాటితే ఆ సమాచారం ఉచితంగా ఇవ్వాలి. ఇది తప్పించుకోవడానికి ఉత్తరం మీద జూన్ 28 అని పాత తేదీ వేసి జూలై 5న పోస్టు చేయొచ్చు. చట్టం చూసేది పంపిన తేదీని, కాగితం మీద రాసిన తేదీని కాదు. కవరు మీది పోస్టాఫీసు ముద్రే మనకు సాక్ష్యం. మనలో చాలామంది ఉత్తరం దాచి కవరు చింపి పారేస్తారు. ఆ పని చేయొద్దు.

మూడోది, ఉత్తరం లేకుండానే ఆపడం. ‘ఫోన్ చేసినాం, నువ్వు రాలేదు’, ‘ఎందుకు కావాలో చెప్పలేదు’ అంటారు. ఫోన్ మాటతో ఈ గడువు ఆగదు. సమాచారం ఎందుకు కావాలో మనం చెప్పాల్సిన పనే లేదని సెక్షన్ 6(2) చెబుతోంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు జతచేసిన రైతు దగ్గర ఫీజు వసూలు చేయకూడదు. అట్లాంటి రైతును డబ్బు అడిగి గడువు ఆగిందంటే అది చెల్లదు.

కారణం లేకుండా ఆలస్యం చేసినట్టు తేలితే, సమాచార కమిషన్ ఆ అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలకు మించకుండా జరిమానా వేయొచ్చు. తాను సరిగానే చేశానని రుజువు చేసుకోవాల్సింది అధికారే. అయినా మన దగ్గర తేదీలు లేకపోతే ఆయన చెప్పిన తేదీలే నిలుస్తాయి.

బోరు కరెంటు కనెక్షన్‌లో ఇదే సంగతి ఇంకో రూపంలో వస్తుంది. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 43 కింద గడువు మొదలయ్యేది అన్ని విధాలా పూర్తయిన దరఖాస్తు, డబ్బు కట్టిన రుజువు అందినాకే. ఇక్కడ ఆగడం మధ్యలో కాదు, మొదట్లోనే. ఈరోజు పాసుపుస్తకం నకలు లేదంటారు, అది ఇస్తే నెల తర్వాత ఇంకో కాగితం లేదంటారు. అట్లా ఒక్కో కాగితం పేరు చెబుతూ పోతే గడువు ఎప్పటికీ మొదలే కాదు. కాబట్టి మొదటి రోజే ‘లోపాలన్నీ ఒకే కాగితం మీద రాసియ్యండి’ అని అడగాలి, ఆ అడిగింది కూడా రాసే ఇవ్వాలి. అన్నీ ఇచ్చినాక తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోవాలి. గడువు ఆ ముద్ర నుంచే లెక్కగట్టాలి.

ఏ ఆఫీసులోనైనా ‘నీ దగ్గరే ఆగింది’ అన్నప్పుడు అడగాల్సినవి మూడే. నా నుంచి ఏం కావాలని ఏ తేదీన రాసి పంపినారు? అది నేను ఇచ్చిన తేదీ ఏది? ఆగేనాటికి మీ గడువులో ఎన్ని రోజులు మిగిలున్నాయి? మొదటిదానికి జవాబు లేకపోతే అది మన దగ్గర ఆగలేదు, వాళ్ల బల్ల మీదే ఉంది. జవాబు ఉంటే మిగిలిన రెండు తేదీలతో కూడిక, తీసివేత చేయండి. వచ్చిన గడువు తేదీని దరఖాస్తు నకలు మీద రాసిపెట్టుకోండి. ఆ తేదీ దాటిన మర్నాడే అప్పీలు రాయండి.