పాలసీలో పుట్టిన తేదీ తప్పు పడితే

జీవిత బీమా పాలసీ చేతికి రాగానే షెడ్యూల్ పేజీలో పుట్టిన తేదీ చూడండి. ప్రీమియం కట్టేది ఆ తేదీ లెక్కమీదే.

ఒక ఉదాహరణ చెబుతాను. అసలు తేదీ 12-08-1983. పాలసీలో 1985 అని పడింది. అంటే వయసు రెండేళ్లు తగ్గింది, ప్రీమియమూ తగ్గింది. ఏడాదికి 600 రూపాయల తేడా, నాలుగు ప్రీమియాలు కట్టారనుకుందాం. బాకీ 2,400, దానిపై కంపెనీ వడ్డీ కూడా అడగవచ్చు. వయసు ఎక్కువగా పడి ఉంటే మాత్రం అదనంగా కట్టింది తిరిగి అడగాలి.

ఉత్తరం ఇలా రాయండి: "నా పాలసీ షెడ్యూల్‌లో పుట్టిన తేదీ 12-08-1985 అని ఉంది. సరైనది 12-08-1983. పదో తరగతి సర్టిఫికెట్ నకలు జతచేశాను. తేదీ సవరించి, మొదటినుంచీ ప్రీమియం తేడా ఎంతో లెక్క రాతపూర్వకంగా తెలపండి."

వయసు రుజువు కంపెనీ ఎప్పుడైనా అడగవచ్చు. బీమా చట్టం 45వ సెక్షన్‌లోని మూడేళ్ల గడువు దీనికి అడ్డు రాదు. కంపెనీ అడిగేదాకా ఆగితే క్లెయిమ్ రోజున ఆ తిప్పలు నామినీకి. సవరణ ఎండార్స్‌మెంట్ చేతికొచ్చాక పాలసీతో కలిపి దాచండి.