గోదాములో సరకు లెక్క: ఏది ఎన్నిసార్లు?

కార్యదర్శులారా, స్టోర్సు చూసే మిత్రులారా,

మార్చి నెలాఖరున గోదాము మూసి అంతా ఒకేసారి లెక్కపెట్టడం మనకు అలవాటు. అప్పుడు దాణా బస్తాలు ఐదు తగ్గితే పన్నెండు నెలల స్లిప్పులు తిరగేయాలి. అది ఎవరివల్లా కాదు. చివరకు "తరుగు" అని రాసేస్తాము.

సరకు కదిలిన ప్రతిసారీ పొరపాటుకు తావుంటుంది. రోజూ లారీలకెక్కే దాణా, పాల పాకెట్ల ఫిల్ము రోళ్ళు తరచు తప్పుతాయి. ఏడాదికి రెండుసార్లు కదిలే పంపు బేరింగు అంతగా తప్పదు.

యూనియన్ గోదాములో 300 రకాలున్నాయనుకుందాం. వేగంగా కదిలే 30 రకాలను నెలకోసారి, మధ్యరకం 70ని మూడు నెలలకోసారి, మిగతా 200ను ఆరు నెలలకోసారి లెక్కిస్తే ఏడాదికి 1,040 లెక్కలు. 260 రోజులకు పంచితే రోజుకు నాలుగే! గడువు తేదీ ఉన్న పశువుల మందులను మాత్రం, కదలకపోయినా, ఆ 30లోనే చేర్చండి.

నిన్నటి స్లిప్పులన్నీ రిజిస్టరుకెక్కాక, ఉదయం మొదటి లారీ రాకముందే లెక్కించాలి. లెక్కించేవారికి రిజిస్టరు అంకె చెప్పకండి. చెబితే ఆ అంకే వస్తుంది. రిజిస్టరులో 212 ఉండి బస్తాలు 207 తేలితే వెంటనే దిద్దకండి. మరొకరిచేత మళ్ళీ లెక్కించి, గత లెక్క తర్వాతి స్లిప్పులు చూడండి. సాయంత్రం లారీకెక్కిన ఐదు బస్తాల స్లిప్పు డ్రైవరు జేబులోనే ఉండిపోయి ఉండవచ్చు. నెలరోజుల స్లిప్పులే గనుక వెతకడం సాధ్యం. కారణం దొరకనప్పుడే అధికారి సంతకంతో తేడా రాయాలి. వరుసగా రెండు నెలలు తేడా వచ్చిన రకాన్ని, అది కుదుటపడేవరకు, వారానికోసారి లెక్కించండి.